ఆసనమా? నడకా?

నడుము బిగువుకు యోగా మేలా, వేగంగా నడవడం మేలా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ముందు మీ బిగువు తీరును గమనించండి.

నా వద్దకు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగికి రోజూ అరగంట నడకతో మనసులోని ఒత్తిడి తగ్గేది. కానీ కుర్చీలోంచి లేవగానే నిటారుగా నిలబడలేకపోయేవారు. గంటల తరబడి కూర్చోవడం వల్ల తుంటి ముందరి కండరాలు బిగిశాయి. వాటిని సాగదీయడానికి నడక ఒక్కటే చాలదు. అందుకే నడక మానకుండా, సాయంత్రం ఆంజనేయాసనం చేర్చమన్నాను: ఒక మోకాలు నేలపై ఆనించి, రెండో పాదం ముందుంచి, తుంటిని మెల్లగా ముందుకు జరిపి అర నిమిషం ఉండాలి, తర్వాత కాలు మార్చాలి. కొన్ని వారాలకు లేవడం సులువైంది.

మీకు నాలుగడుగులు వేయగానే బిగువు సడలితే నడక చాలు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా రెండూ ఆపి వైద్యుణ్ణి కలవండి. మూత్రంపై అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.