అమ్మ చెప్పిన టెంక అంబలి

మా అమ్మకు చదువు రాదు. ఆమె వంటలేవీ కాగితం మీద లేవు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం ఆమె వెనక తిరుగుతూ నేర్చుకున్నవే. వాటిలో టెంక అంబలి ఒకటి. మారేడుమిల్లి వైపు కొండల్లో ఉండే మా కొండరెడ్లకు ఇది వానాకాలపు తిండి. పోడులో సామలు, జొన్నలు ఇంకా చేతికి రావు, పోయినేటి గింజలు అడుగంటుతాయి. ఆ నడిమి నెలల కోసం మామిడి జీడి దాచుకునేవాళ్లం.

"పండు తిని టెంక పారేయకండి, పెరట్లో కుప్ప పోయండి" అనేది అమ్మ. మామిడి పండుగ అయ్యాకే మేము కాయ ముట్టుకుంటాం. ఆ తర్వాత నెలరోజులు మా పనల్లా చెట్ల కింద రాలినవి ఏరడమే. పులుపు పండ్ల టెంకలైనా సరే, అమ్మ వద్దనేది కాదు. పురుగు తొలిచిన టెంకను మాత్రం కుప్పలో పడనిచ్చేది కాదు.

"గలగలలాడేదాకా ఎండాలి." టెంకను చెవి దగ్గర ఊపితే లోపల జీడి కదిలిన చప్పుడు రావాలి. అప్పుడు రాతి మీద నిలబెట్టి మరో రాయితో కొడితే పగులుతుంది. జీడి మీద గోధుమరంగు పొర ఉంటుంది, దాన్ని ఒలిచేయాలి. ముక్కలు కోసేటప్పుడు కత్తి నల్లబడుతుంది, వేళ్లు కూడా. జీడిలోని వగరు ఇనుముకు తగిలితే అలా నలుపెక్కుతుందని మా చెల్లెలు కాలేజీలో చదువుకుని వచ్చి చెప్పింది. ఆ వగరుకు పేరు టానిన్. అది నీళ్లలో కరుగుతుంది. ఈ వంటంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

"వాగులో పెట్టండి, గుంటలో కాదు." ముక్కల్ని వెదురుబుట్టలో పోసి, పైన ఆకులు కప్పి, బరువుకు రాయి పెట్టి, నీళ్లు పారే చోట ఉంచాలి. నిలవ నీళ్లలో పెడితే దిగిన వగరు అక్కడే ఉండిపోతుంది, ముక్కలు పులిసి జిగురుపడతాయి. మొదటిరోజు బుట్ట కింద నీళ్లు టీ రంగులో పోతాయి. రెండు రాత్రులయ్యాక అమ్మ ఒక ముక్క నాలుక మీద పెట్టుకునేది. నాలుక పట్టేసినట్టయితే ఇంకో రాత్రి. ఎన్ని రాత్రులో లెక్క లేదు, నాలుకే లెక్క.

తర్వాత మళ్లీ ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి, పిండిని పొయ్యి పైన అటక మీద పెట్టాలి. పొగ తగులుతుంటే చెమ్మ చేరదు. జీడిలో నూనె కూడా ఉంటుంది కాబట్టి పిండి ఎక్కువకాలం ఉంటే కనరెక్కుతుంది. దీపావళి దాటితే మా ఇంట్లో వండేవాళ్లం కాదు.

ఒక ఏడు వానలు ముందే పడ్డాయి. ముక్కలు సరిగా ఎండకుండానే దంచాల్సి వచ్చింది. ఇరవై రోజులకు అమ్మ బుట్ట దించి చూసింది. పిండి గడ్డ కట్టింది. గడ్డ విరిస్తే లోపల సాలెగూడులాంటి దారాలు, పచ్చటి మచ్చ, ముక్కిన వాసన. పక్కింటి పెద్దమ్మ "పైది తీసేసి, బాగా ఉడికించు, ఏం కాదు" అంది. ఇంట్లో అప్పుడు జొన్నలు రెండు సోలలే ఉన్నాయి. అమ్మ మాట్లాడకుండా బుట్టెడు పిండినీ గొయ్యి తీసి పూడ్చింది. కోళ్లకు కూడా వేయనివ్వలేదు. ఆ నెలంతా అడవి దుంపలు తవ్వుకుని తిన్నాం. చిన్నచెల్లి ఆకలికి ఏడుస్తుంటే అమ్మ మీద మాకు కోపం వచ్చింది కూడా.

2001లో ఒడిశాలో, రాయగడ జిల్లా కాశీపూర్ వైపు, టెంక అంబలి తిని ఇరవై మందికి పైగా చనిపోయారని వార్తలు వచ్చాయి. 2024లో కంధమాల్‌లోనూ అలాంటి వార్తే. టెంకలే విషమని కొందరన్నారు. తినడానికి వేరే గింజ లేక చెడిన పిండి తిన్నారని కొందరన్నారు. మాకు రెండో మాటే నిజమనిపిస్తుంది. బూజు విడిచే విషం ఉడికినా పోదు. బుట్టెడు పిండి పూడ్చాలంటే మిగతా నెల తినడానికి ఏదో ఒకటి ఉండాలి. మాకు దుంపలైనా ఉన్నాయి.

బడిలో ఒక మాస్టారు మమ్మల్ని "టెంకలు తినేవాళ్లు" అని పిలిచేవారు. ఇన్ని రాత్రుల పని ఆయనకు తెలియదు లెండి.

ఇక వండే తీరు. కుండలో ఆరు సోలల నీళ్లు మరగనివ్వాలి. సోలెడు జొన్ననూక ముందు వేసి మెత్తబడనివ్వాలి. సోలెడు టెంకపిండిని చల్లనీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా మిగులుతాయి. తెడ్డు ఎత్తితే తీగలా జారాలి. చివర్లో ఉప్పు. కొత్త పిండితో వండిన మొదటి రోజు అమ్మ తనొక్కతే ఒక గరిటెడు తాగి, పొద్దుగూకే దాకా చూసి, రాత్రికి మాకు పోసేది. ఇప్పుడు ఏడాదికి ఒక్క బుట్టే చేస్తున్నాం. ఆ మొదటి గరిటె మా పెద్దక్క తాగుతోంది.