గేమ్‌ప్యాడ్ కలిసింది, మరి ఆట?

వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు బ్యాగులోంచి మొదట తీసింది ఎక్స్‌బాక్స్ కంట్రోలర్. "మామయ్యా, మీ టీవీకి ఇది కలుస్తుందా?" అన్నాడు. మాది గూగుల్ టీవీ. కలుస్తుందనే అన్నాను గానీ, ముందు ఆ ప్యాడ్‌ను తిప్పి చూడాలి. 2013లో వచ్చిన తొలి రకానికి బ్లూటూత్ లేదు, 2016 నుంచి వచ్చినవాటికి ఉంది. పాతవాటిలో తేడా మధ్యనున్న లోగో బటన్ దగ్గరే తెలిసిపోతుంది. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందువైపు ముఖంలో కలిసిపోయి ఒకే ముక్కగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. పైనున్న భుజం బటన్లతో కలిసిపోయి విడి ముక్కగా మెరుస్తుంటే లేనట్టు. వాడిది ఉన్న రకమే.

టీవీ సెట్టింగ్స్‌లో `Remotes & Accessories` తెరిచి, కొత్తది జతచేసే వరుస నొక్కాం. టీవీ వెతుకుతోంది. వాడు లోగో బటన్ నొక్కగానే లైటు వెలిగి, కాసేపు మెల్లగా మినుకుమని నిలకడగా ఆగిపోయింది. టీవీలో మాత్రం పేరు రాలేదు. లైటు నిలకడైందంటే ప్యాడ్ ఎవరితోనో కలిసిందని అర్థం. ఎవరితోనంటే, వాడి జేబులోని ఫోనుతో! బటన్ నొక్కితే ప్యాడ్ పాత నేస్తాన్నే వెతుక్కుంటుంది. కొత్తవాళ్లకు కనబడాలంటే పై అంచున ఉన్న చిన్న గుండ్రటి బటన్‌ను లైటు గబగబా కొట్టుకునేదాకా నొక్కి పట్టాలి. ఈసారి పేరు వచ్చింది. ప్లేస్టేషన్ ప్యాడ్‌కైతే ఈ చిన్న బటన్ ఉండదు. డ్యూయల్‌షాక్ 4కు పీఎస్, షేర్ బటన్లు, డ్యూయల్‌సెన్స్‌కు పీఎస్, క్రియేట్ బటన్లు కలిపి పట్టుకోవాలి.

కలిసిందో లేదో తేల్చుకోవడానికి ఆట దాకా వెళ్లక్కర్లేదు. టీవీ హోమ్ తెరమీదే దిక్కుల బటన్‌తో అటూ ఇటూ కదిలి, ఏ నొక్కితే తెరుచుకుని, బీ నొక్కితే వెనక్కి రావాలి. ఏ, బీ తారుమారైతే ప్యాడ్ వేరే మోడ్‌లో ఉందేమో చూడాలి. ఒకే ప్యాడ్ కంప్యూటర్‌కు ఒక రకంగా, స్విచ్‌కు ఒక రకంగా, ఆండ్రాయిడ్‌కు ఒక రకంగా తనను పరిచయం చేసుకునేవి బజారులో చాలా ఉన్నాయి. 8బిట్‌డో ప్యాడ్లలో చాలావాటికి బీ, స్టార్ట్ కలిపి నొక్కి ఆన్ చేస్తే ఆండ్రాయిడ్ మోడ్. ఫోను ఆటల కోసం అమ్మే కొన్ని చౌక ప్యాడ్లకు ఇంకో మోడ్ ఉంటుంది. బటన్ నొక్కితే తెరమీద వేలు పెట్టినట్టు ఫోనును నమ్మిస్తాయి. తాకే తెర లేని టీవీ దగ్గర ఆ విద్య పనిచేయదు.

అసలు చిక్కు ఇక్కడినుంచే. మావాడు ఫోనులో ఆడే ఆట పేరు టీవీ ప్లేస్టోర్‌లో ఎంత వెతికినా దొరకలేదు. టీవీ పాతదని అలిగాడు. టీవీ తప్పేం లేదు. ఆట తయారుచేసినవాళ్లు "టచ్ స్క్రీన్ లేకున్నా ఫర్వాలేదు" అని యాప్‌లో ప్రత్యేకంగా రాయకపోతే, టచ్ కావాలనే ఆండ్రాయిడ్ లెక్క. అలాంటివి టీవీ స్టోర్‌లో కనబడవు. పెన్‌డ్రైవ్‌తో దొంగదారిన ఎక్కించినా, ఆట తెరుచుకుని "ఇక్కడ తాకండి" అన్నచోటే నిలబడిపోవచ్చు. కాబట్టి ప్యాడ్ కొనేముందే టీవీ స్టోర్ తెరిచి, మనకు కావలసిన ఆట అక్కడుందో లేదో చూసుకోవడం నయం. మాకు బీచ్ బగ్గీ రేసింగ్ దొరికింది. సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలది వేరే లోకం. వాటికి ప్లేస్టోరే లేదు. ప్యాడ్లను కలుపుకుంటాయి గానీ, పెద్ద ఆటలు ఎక్కువగా దూరాన సర్వర్లో నడిచి నెట్ మీద వస్తాయి.

ఆట మొదలయ్యాక "బండి ఆలస్యంగా తిరుగుతోంది మామయ్యా" అని మరో ఫిర్యాదు. ఆలస్యం రెండు రకాలు, రెంటికీ మందు వేరు. ప్రతి నొక్కుకూ ఒకేలా ఆలస్యమైతే తరచూ కారణం టీవీ బొమ్మకు పెట్టే మెరుగులే. పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెడితే తగ్గుతుంది. కొన్ని టీవీల్లో ఆ మోడ్ హెచ్‌డీఎంఐకే పరిమితం. అప్పుడు కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒక్కటైనా ఆపాలి. అలా కాక, బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఒక నొక్కు తప్పిపోవడం, బండి ఒకేవైపు తిరిగి గోడకు గుద్దుకోవడం జరిగితే అది గాలిలో రద్దీ. బ్లూటూత్, పాత వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే తిరుగుతాయి. మాది ఈ రెండో రకమే. టీవీని రౌటర్ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మార్చి, బ్లూటూత్ స్పీకర్‌ను ఆపేశాక బండి గోడల్ని వదిలేసింది.

ఇక మిగిలింది చోటు. 8 జీబీ టీవీలో సిస్టమ్ తినగా మిగిలేది కొంచెమే. రెండో ఆట కావాలంటే ఏ సినిమాల యాప్ తీసేయాలన్న పంచాయితీ మా ఆవిడ దగ్గర పెండింగులో ఉంది.