దర్శకుని మాట

మా వద్ద సాయంకాలపు పాఠాలు చదువుకున్న ఒక యువకుడు తొమ్మిది నిమిషాల లఘుచిత్రం తీశాడు. దానిని చలనచిత్రోత్సవానికి పంపుతూ, దరఖాస్తుతో జతచేయవలసిన దర్శకుని ప్రకటనను దిద్దిపెట్టమని మమ్మల్ని కోరాడు. కథాసారానికి దరఖాస్తులో వేరే చోటుంటుంది. ఈ ప్రకటన చెప్పవలసినవి మూడే: ఈ కథతో దర్శకునికి గల బంధమేమిటి, ఇందులో అతడు ఏ విషయాన్ని పట్టుకున్నాడు, దానిని తెరమీద ఎలా చూపదలచాడు.

ఆ చిత్రం అతని దాదాజాన్‌ను గురించినది. ఆయన ఉర్దూ పత్రికలో కాతిబ్. వార్తలను నస్తలీఖ్ లిపిలో కలంతో రాసేవారు. ఆ చేతిరాతే అచ్చయ్యేది. పత్రికలు కంప్యూటర్లకు మారాక ఆ పని నిలిచిపోయింది.

“అంతరిస్తున్న మహోన్నత కళకు ఈ చిత్రం నివాళి” అని అతడు ఆరంభించాడు. “బాబూ, చేనేత మీద తీసినా, కుమ్మరి మీద తీసినా ఇదే వాక్యం సరిపోతుంది కదా! నీచేత కెమెరా పట్టించినదేమిటో చెప్పు” అన్నాము.

కొంతసేపు మౌనంగా ఉండి చెప్పాడు: “దాదాజాన్ పోయాక ఆయన పెట్టె తెరిచాము, హజ్రత్. నిండా ఆయన రాసిన కాగితాలే. మీ దగ్గర ఖుర్ఆన్ చదవడం నేర్చుకున్నాను, అక్షరాలు తెలుసు. కానీ బడిచదువంతా తెలుగులో సాగింది. ఆ ఉర్దూ రాతలో ఒక్క పంక్తి కూడా నాకు అందలేదు.”

బంధమూ అదే, విషయమూ అదే. కళ అంతరించడం కాదు, ఒకే ఇంట్లో తాత రాత మనుమడికి మూసుకుపోవడం.

ఇక దృష్టి. “కవితాత్మక దృశ్యభాష” అని రాశాడు. కెమెరాతో చేసినదేమిటని అడిగాము. దాదాజాన్ సహచరుడొకరు రాస్తుండగా ఆయన చేతిని మాత్రమే చిత్రించాడట. సంగీతం లేదు, కాగితంపై కలం గీసుకునే చప్పుడే ఉంది. ఆ రాతకు ఉపశీర్షికలూ వేయలేదు. ప్రేక్షకుడు కూడా చదవలేక తనవలెనే నిలబడాలన్నది ఉద్దేశం. ఆ మాటలనే రాయించాము. కాతిబ్‌లకు జరిగిన ఆర్థిక అన్యాయం గురించిన పేరాను తీసివేయించాము. చిత్రంలో అది లేదు. ప్రకటన చదివినవారే చిత్రమూ చూస్తారు.

ఒక పేరా వద్ద మాత్రం చాలాసేపు ఆగాము. పని పోయాక దాదాజాన్ చేసిన అప్పులు, ఇంట్లో రేగిన తగవులు అందులో ఉన్నాయి. అవి బయటకు రాకూడదని అతని తల్లి కోరిందట. దర్శకుని ప్రకటనను ఉత్సవ సంచికలో అచ్చువేయడమూ కద్దు. కథతో బంధం చెప్పడమంటే ఇంటి గుట్టంతా విప్పడం కాదు. పెట్టె చాలునన్నాము. అతడు ఆ పేరా కొట్టివేశాడు.

మిగిలినది నూటయాభై మాటలు. ఆరంభం ఇలా కుదిరింది: “మా దాదాజాన్ జీవితమంతా రాశారు. ఆయన రాసినదాన్ని నేను చదవలేను. చదవలేనివాడు ఆ రాతను ఎలా చూస్తాడో, ఈ చిత్రం అలా చూస్తుంది.”