తిరుగు ముహూర్తం

కార్యాలయాన్ని పాత కంప్యూటరు వ్యవస్థ నుండి కొత్తదానికి మార్చేవారు బయలుదేరే ఘడియను శ్రద్ధగా నిర్ణయిస్తారు. పని కుదరకపోతే ఏ ఘడియలో వెనుదిరగాలో మాత్రం చాలామంది వ్రాసుకోరు. పట్టికలో మొదట వ్రాయవలసినది అదే.

12 కంప్యూటర్లున్న ఒక సహకార పరపతి సంఘాన్ని ఊహించుకుందాం. సోమవారం ఉదయం 10 గంటలకు తలుపులు తెరవాలి. ముందుగా చేసిన అభ్యాసంలో పాత వ్యవస్థను పునరుద్ధరించడానికి 4 గంటలు, సరిచూడడానికి 2, కంప్యూటర్లన్నింటినీ మళ్ళీ దానికి కలపడానికి 3 గంటలు పట్టాయి. విశ్రాంతికీ అనుకోని ఆటంకాలకూ మరో 7 గంటలు. మొత్తం 16. కనుక ఆదివారం సాయంత్రం 6 గంటలే తిరుగు ముహూర్తం. "ఇంకొక్క గంటలో అయిపోతుంది" అనే మాట ఆ తరువాత చెల్లదు.

మిగిలిన పట్టిక దానికి లోబడి నడుస్తుంది. శనివారం 2.30కు పాతదానిలో నమోదులు ఆపి, చివరి రసీదు సంఖ్యనూ నగదు నిల్వనూ కాగితంపై వ్రాసి ఇద్దరు సంతకం చేస్తారు. 5 వరకు భద్రప్రతి తీసి, దానిని వేరొక యంత్రంలో తెరిచి చూస్తారు. తెరిచి చూడని ప్రతిని నమ్మరాదు. అక్కడి నుండి అర్ధరాత్రి వరకు సమాచారం తరలుతుంది. ఆదివారం 8 నుండి 12 వరకు సరిచూపు.

చిక్కంతా ఈ సరిచూపులోనే ఉంది. ఖాతాల సంఖ్య, నిల్వల మొత్తం సరిపోయినా తప్పులు దాగి ఉండవచ్చు. 03-04 అన్న తేదీలో రోజూ నెలా తారుమారైనా కంప్యూటరు అభ్యంతరం చెప్పదు. 25-04 వంటిదైతేనే నిలదీస్తుంది. 00457 అనే సభ్యసంఖ్య 457గా మిగలవచ్చు. యూనికోడ్ కాని పాత ఖతిలో టైపు చేసిన పేర్లు పిచ్చిగీతలవుతాయి. అందుకే శ్రీలక్ష్మి, కృష్ణమూర్తి వంటి సంయుక్తాక్షరాల పేర్లనే ఏరి, పాత కాగితాలతో పోల్చాలి.

మధ్యాహ్నం కొత్త వ్యవస్థ నకలుపై గుమాస్తాలందరూ ఒకేసారి రసీదులు వ్రాసి, పాసుపుస్తకాలు ముద్రించి చూస్తారు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒక వారాంతంలో ఖాతాలను తరలించింది. సమాచారం సరిగానే చేరింది. దానిని మోయవలసిన వ్యవస్థ మొరాయించి, లక్షలాది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు.

6 గంటలకు "ముందుకే" అని నిర్ణయించినా వంతెన ఇంకా తెగలేదు. సోమవారం కొత్తదానిలో మొదటి అసలు రసీదు పడినప్పటి నుండి తెగనారంభిస్తుంది. ఆపై వెనక్కి రావాలంటే కొత్త రసీదులన్నీ పాతదానిలో చేతితో ఎక్కించాలి. మొదటి రోజు 40 రసీదులైతే, కాగితపు నకళ్ళు ఉంటే అది ఒక పూట పని. వారం గడిస్తే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే. అందుచేత కాగితపు నకలు ఎన్నాళ్ళు ఉంచాలో, పాత యంత్రాన్ని ఏ తేదీన ఆపాలో కూడా ఆ పట్టికలోనే వ్రాసి ఉండాలి.