చెల్లెమ్మ బిల్లు

మా నాన్నకి తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసేవాడు. సగం డబ్బు ముందు తీసుకునేవాడు, మిగతా సగం చేతిలో పడేదాకా కార్డుల కట్ట బల్ల మీంచి కదిలేది కాదు. "పెళ్లయ్యాక కార్డు ఎవడికి కావాలమ్మా?" అనేవాడు. ఆ మాట వింటూ పెరిగిన నేను, ఇంగ్లండు వచ్చి రెడింగ్‌లో వెబ్‌సైట్లు చేసుకుంటూ, పావు వంతు అడ్వాన్సుకే సైటంతా అప్పగించి కూర్చున్నాను. ఎందుకంటే ఆ కస్టమరు "చెల్లెమ్మా" అన్నాడు.

ఆయనది మన వంటసరుకులూ పచ్చళ్లూ అమ్మే దుకాణం. పదీ పన్నెండు మంది పనిచేస్తారు. ఉగాది ఫంక్షన్‌లో పరిచయమయ్యాడు. ఆన్‌లైన్ అమ్మకాలకి సైటు కావాలన్నాడు. 3,200 పౌండ్లకి మాట అయింది, 800 పంపాడు. కాగితమేమీ రాసుకోలేదు, సంగతంతా వాట్సాప్‌లోనే నడిచింది. 2024 జులై మొదటి వారంలో సైటు మొదలైంది. "సూపర్ చెల్లెమ్మా, మా ఆవిడకి కూడా తెగ నచ్చింది" అని మెసేజ్ పెట్టాడు. 5వ తేదీన మిగతా 2,400కి బిల్లు పంపాను.

ఆగస్టులో "సరుకు వచ్చింది, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. సెప్టెంబరులో ఫోన్ ఎత్తడం మానేశాడు. అక్టోబరులో నేను కాస్త గట్టిగా అడిగేసరికి ఓ పెద్ద వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో చెల్లెమ్మ లేదు, "మేడమ్" ఉంది. సైటు వల్ల నష్టపోయాననీ, తిరిగి నా మీదే 5,000కి కేసు వేస్తాననీ అన్నాడు. ఊళ్లో మనవాళ్ల గ్రూపులన్నిట్లో నా పేరు పెడతానన్నాడు. "మీరు డిపెండెంట్ వీసా మీద బిజినెస్ చేస్తున్నారు, హోమ్ ఆఫీసుకీ మీ ఆయన కంపెనీకీ ఒక్క ఈమెయిల్ కొడితే చాలు. బిల్లు వదిలేసుకోండి, ఇద్దరికీ మంచిది" అని ముగించాడు.

ఆ రాత్రి మా ఆయనా నేనూ నిద్రపోలేదు. వీసా అన్న మాట వింటే చాలు, ఇక్కడ ఎంత ధైర్యవంతులకైనా కాళ్లు వణుకుతాయి.

తెల్లారి, ఫిర్యాదు ఎవరికి చేయాలా అని వెతకడం మొదలుపెట్టాను. ఈ దేశంలో దేనికైనా ఒక ఆంబుడ్స్‌మన్ ఉంటాడని నా నమ్మకం. బ్యాంకు మీద ఒకరు, కరెంటు కంపెనీ మీద ఒకరు. జీతం ఎగ్గొట్టిన యజమాని విషయంలో ఏకాస్ ఉంది, ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ఉంది. కానీ నేను ఉద్యోగిని కాను. ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్లు చూసేది వినియోగదారుల గొడవలు, నేను వినియోగదారునీ కాను. బకాయిల కోసమే 2017 చివర్లో మొదలైన స్మాల్ బిజినెస్ కమిషనర్ ఆఫీసు ఒకటుందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. తీరా చదివితే, బాకీ పడ్డ సంస్థలో 50 మందో అంతకంటే ఎక్కువో ఉంటేనే వాళ్లు ఫిర్యాదు తీసుకుంటారట. పెద్ద కంపెనీ నొక్కేస్తే అడిగేవాడున్నాడు, పచ్చళ్ల కొట్టాయన నొక్కేస్తే లేడు. పోలీసుల 101 నంబరుకి చేస్తే డబ్బు గొడవ సివిల్ విషయమన్నారు, బెదిరింపు మెసేజ్‌లు దాచుకోమన్నారు. మన సంఘం పెద్దాయన, ఆయనకీ దుకాణంలో ఖాతా ఉంది లెండి, "సర్దుకోమ్మా, మనలో మనకెందుకు" అన్నాడు.

స్నేహితులు మరో దారి చెప్పారు. "పాస్‌వర్డు నీ దగ్గరే ఉందిగా, సైటు ఆపేయ్, పరిగెత్తుకొస్తాడు" అని. నిజం చెప్పొద్దూ, నాకూ చెయ్యి లాగింది. నాన్న కార్డుల కట్ట గుర్తొచ్చింది. కానీ ఆ కట్ట నాన్న బల్ల మీద ఉంది, ఈ సైటు కొట్టాయన హోస్టింగ్‌లో ఆయన పేరు మీద ఉంది. అనుమతి లేకుండా అందులో దూరి ఆపితే 1990 నాటి కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం కింద నేరం నాది అవుతుంది. ఇంకొకరు "క్యాష్ అమ్మకాలు లెక్క చూపించడట కదా, టాక్సు వాళ్లకి చెప్తానని బెదిరించు" అన్నారు. దానికీ ఒక మెలిక ఉంది. 1968 నాటి థెఫ్ట్ చట్టంలో 21వ సెక్షన్ బ్లాక్‌మెయిల్ గురించి. మనకి రావలసిన డబ్బే అయినా, దాన్ని రాబట్టడానికి ఎంచుకున్న బెదిరింపు సరైన మార్గమని మనమే నమ్మకపోతే అది ఆ సెక్షన్ కిందికి రావచ్చు. అసలు ఆ గీత దాటినట్టు కనిపిస్తున్నది ఆయన, నేనెందుకు ఆయన పక్కకి వెళ్లి నిలబడాలి?

అప్పుడు ఆయన వాయిస్ మెసేజ్ మళ్లీ విన్నాను. భయం కోసం కాదు, లెక్క కోసం. బెదిరింపులు మూడున్నాయి, ఒక్కొక్కటే తీసుకున్నాను.

వీసా సంగతి ముందు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న మా ఆయన సొంతంగా వ్యాపారం పెట్టుకోకూడదు, నిజమే. కానీ ఆ వీసాకి డిపెండెంటుగా వచ్చిన భార్యకో భర్తకో ఆ కట్టడి లేదు. ఉద్యోగం చేయొచ్చు, స్వయం ఉపాధీ చేసుకోవచ్చు. వృత్తి క్రీడాకారులుగా మాత్రం ఆడకూడదు. నేను కబడ్డీ కూడా ఆడను. పన్ను కోసం హెచ్ఎంఆర్‌సీలో రిజిస్టరయ్యాను, ఏటా రిటర్ను వేస్తున్నాను. ఆయన ఎవరికి రాసినా దొరికేదేమీ లేదు. అయినా మా ఆయన తన మేనేజరుకి ముందే ఓ మాట చెప్పి ఉంచాడు. ఆవిడ "ఎంత నీచం" అని టీ తాగడానికి వెళ్లిపోయింది. ఇది మా అదృష్టం కూడా. నా స్థానంలో స్టూడెంట్ వీసా మీదున్న పిల్లో పిల్లాడో ఉంటే ఇదే బెదిరింపు నిజంగా గొంతు పట్టుకునేది, ఎందుకంటే వాళ్లకి స్వయం ఉపాధి నిషేధం.

రెండోది 5,000 కేసు. కోర్టులో ఎదురు క్లెయిము వేయాలంటే ఆయన ఫీజు కట్టాలి, నష్టాన్ని లెక్కలతో చూపాలి. జులై నాటి "సూపర్ చెల్లెమ్మా" నా ఫోన్‌లో ఉంది. మూడోది గ్రూపుల్లో పేరు. దానికి నా దగ్గర మందు లేదు. పెట్టుకుంటే పెట్టుకోనీ అనుకున్నాను, పైకి.

ఇక డబ్బు. ఇంగ్లండు, వేల్స్‌లో 10,000 పౌండ్ల లోపు బాకీకి స్మాల్ క్లెయిమ్స్ దారి ఉంది. లాయరు అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేయొచ్చు. కాగితం మీద ఒప్పందం లేదన్న దిగులు కూడా తీరింది. మాట ఒప్పందమైనా చెల్లుతుంది. ధర, పని, "సరే మొదలుపెట్టు" అన్న జవాబు, మూడూ వాట్సాప్‌లో తేదీలతో ఉన్నాయి. ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాను.

నేను దాదాపు పప్పులో కాలేసింది పేరు దగ్గర. బిల్లు మీద దుకాణం పేరు రాశాను. కానీ బోర్డు మీద పేరుకి బాకీ ఉండదు, దాని వెనకున్న లిమిటెడ్ కంపెనీకి ఉంటుంది. ఆ కంపెనీ పేరు వేరు. ఆయన పంపిన 800 అడ్వాన్సు నా బ్యాంకులో ఏ పేరు మీద పడిందో చూస్తే అది దొరికింది. కంపెనీస్ హౌస్ సైట్‌లో దాని వివరాలు పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. చూస్తే, కంపెనీ బతికే ఉంది. అదే పేజీలో ఆ కంపెనీని ఫాలో అయ్యేలా పెట్టుకున్నాను. కంపెనీని మూసేయడానికి దరఖాస్తు పెడితే నాకు ఈమెయిల్ వస్తుంది, అప్పులవాళ్లుగా అభ్యంతరం చెప్పడానికి వీలుంటుంది. మూతపడిపోయిన కంపెనీ మీద కేసు గెలవడమంటే గాలిలో చెక్కు రాసుకోవడమే.

నవంబరు 1న ఆ కంపెనీ రిజిస్టర్డ్ అడ్రసుకి ఉత్తరం పంపాను, 14 రోజుల్లో కట్టకపోతే క్లెయిము వేస్తానని. అవతల విడి వ్యక్తి అయితే 30 రోజులివ్వాలి. ఉత్తరంలో చెల్లెమ్మా లేదు, అన్నయ్యా లేదు, వీసా ప్రసక్తే లేదు. లెక్క మాత్రం ఉంది. వ్యాపారాల మధ్య బాకీ ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు 1998 నాటి చట్టం ఇచ్చింది. గడువు మాట్లాడుకోకపోతే 30 రోజులు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటుకి 8 శాతం కలపాలి. జూన్ 30న ఆ రేటు 5.25, కలిపితే 13.25. రోజుకి 87 పెన్నీలు. దానికి తోడు ఈ స్థాయి బాకీకి 70 పౌండ్ల పరిహారం.

జవాబు లేదు. నవంబరు 20న క్లెయిము వేశాను. అసలు 2,400, వడ్డీ సుమారు 93, పరిహారం 70. కోర్టు ఫీజు 115 నా జేబులోంచి పోయింది. పోయిన డబ్బు కోసం ఇంకో 115 పోగొట్టుకుంటున్నానేమో అని బటన్ మీద వేలు పెట్టి ఓ పది నిమిషాలు కూర్చున్నాను.

ఆయన గడువు సాగదీశాడు. అందింది అని చెప్తే 28 రోజులు దొరుకుతాయి, అవన్నీ వాడుకుని చివర్లో "పని నాసిరకం" అని జవాబు వేశాడు. 5,000 ఊసు మాత్రం ఎక్కడా లేదు. 2024 మే నుంచి ఇలాంటి క్లెయిముల్లో విచారణకి ముందు ఫోన్‌లో మీడియేషన్ తప్పనిసరి, ఉచితం. మార్చిలో ఓ గంట పట్టింది. ఇద్దరం ఒకేసారి మాట్లాడం, మీడియేటరు ఆయనతో కాసేపు, నాతో కాసేపు. నేను "సూపర్" మెసేజ్ చదివాను. ఆయన్ని కదిలించింది అదని అనుకోను. తీర్పు వచ్చి నెలలోపు కట్టకపోతే అది ఆరేళ్లు రిజిస్టరులో ఉంటుంది, ఆయన అప్పుడే రెండో దుకాణానికి లీజు వెతుకుతున్నాడని తర్వాత తెలిసింది.

2,400 అసలు, నా ఫీజు 115, మొత్తం 2,515 మూడు వాయిదాల్లో ఇస్తానన్నాడు. వడ్డీ, పరిహారం వదులుకున్నాను. మా ఆయన ఎందుకు వదిలావన్నాడు. విచారణకి ఇంకో ఫీజు, ఇంకెన్నో నెలలు, గెలిచినా వసూలు నా తిప్పలే. అలిసిపోయాను.

గ్రూపుల్లో నా పేరు పెట్టాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇద్దరు కస్టమర్లు పోయారు. ఒకావిడ మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది, తన హెన్నా పని డబ్బులు కూడా అక్కడే ఆగాయట, ఆ ఫారం ఎలా నింపాలని.

చివరి వాయిదా తొమ్మిది రోజులు ఆలస్యంగా పడింది. బ్యాంకు యాప్‌లో చూస్తే రిఫరెన్సు దగ్గర ఆయన GIFT అని కొట్టాడు. చెల్లెమ్మకి పసుపు కుంకుమ కింద ఇచ్చాడనుకోవాలేమో. నేను లెక్కల పుస్తకంలో అమ్మకాల కిందే రాసుకుని, పన్నుకి కొంత పక్కన పెట్టుకున్నాను.