రెండవ సూది

పప్పులో రాళ్ళయుప్పు వేసినవెంటనే రుచి చూచి, చప్పగా నున్నదని మరికొంత వేయుటయు, వడ్డించు వేళకు ఆ పప్పు నోట పెట్టరాకపోవుటయు మనలో నెవ్వరికిని క్రొత్త కాదు. మొదటి యుప్పు తక్కువై కాదు; అది కరగుటకు వ్యవధి చాలలేదు. ఇట్టి పొరపాటునే మేము నిరుడు మా యింట చదువుకొనుచున్న మా ఆడుబిడ్డ కుమారుని విషయమున జేసితిమి. వానికి పదునాలుగేండ్లు. చిన్ననాటనే క్లోమము ఇన్సులిన్ పుట్టించుట మానివేసినందున భోజనమునకు ముందు సూదిమందు తప్పదు.

పెద్దవారి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. పరగడుపున నందు కరగియున్న చక్కెర యంతయు కలిపి 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచాడు మాత్రమే. మనమో ఒక్క పూట అన్నముతో పది చెంచాలకు పైగా చక్కెర యగు పిండిపదార్థమును లోనికి బంపుచున్నాము. అయినను ఆరోగ్యవంతుల రక్తమున చక్కెర కొంతయే పెరిగి, రెండుమూడు గంటలలో మరల తన స్థానమునకు వచ్చును. చక్కెర పెరిగినంతనే క్లోమములోని బీటా కణములు ఇన్సులిన్‌ను విడుచును. దానివలన కండలు చక్కెరను గ్రహించును. కాలేయము చక్కెరను విడుచుట తగ్గించి దాచుకొనును. చక్కెర తగ్గగా బీటా కణములును చేయి ముడుచుకొనును. మరీ తగ్గినచో ఆల్ఫా కణములు గ్లూకగాన్‌ను బంపి, కాలేయము దాచినదానిని బయటికి దీయించును. చక్కెర పెరుగుటయే దానిని తగ్గించు పనిని పుట్టించుచున్నది. తగ్గుటయే ఆ పనిని ఆపుచున్నది. మా అమ్మాయి ఇంటర్మీడియట్ పుస్తకమున దీనికి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అని పేరు. నెగెటివ్ అనగా చెడ్డదని యర్థము కాదు. వచ్చిన మార్పునకు ఎదురుగా బనిచేయునని భావము.

ఆ పుస్తకమున బాణపు గుర్తులు చక్కగా నున్నవి గాని, ఒక బాణమునుండి మరియొక బాణమునకు బోవుటకు ఎంతసేపు పట్టునో చెప్పబడలేదు. మా కష్టమంతయు అందే యున్నది. క్లోమము విడిచిన ఇన్సులిన్ తిన్నగా కాలేయమునకు బోవును. రక్తమున జేరినది అయిదారు నిమిషములలో సగము నశించును. కనుక కణములు ఇచ్చిన యాజ్ఞను వెంటనే వెనుకకు దీసికొనగలవు. సూదిమందు అట్లుగాక చర్మము క్రింది క్రొవ్వులో నిలిచి మెల్లమెల్లగా రక్తమున గలియును. త్వరగా బనిచేయు రకము కూడ పావుగంటకు మొదలై, ఒకటి రెండు గంటలలో ఉద్ధృతమై, నాలుగు గంటలవరకు ఉండును. వేసినదానిని తీయుట యెవరితరమును గాదు.

ఆ రాత్రి 8 గంటలకు 6 యూనిట్లు వేసి యన్నము పెట్టితిమి. 9.30కి పరీక్షింపగా యంత్రము 260 చూపినది. గుండె జల్లుమని, మందు చాలలేదనుకొని, మరి 4 యూనిట్లు వేసితిమి. ఇప్పుడు లెక్క చూడుడు. ఒక్క యూనిట్ ఆ బాలునికి సుమారు 40 తగ్గించునని వైద్యుడు చెప్పియుండెను. మొదటి మందులో సగమైనను, అనగా 3 యూనిట్లు, అప్పటికింకను పనిచేయవలసియున్నవి. అవి 120 తగ్గించును. అన్నములో మిగిలినది జీర్ణమై కొంత పెంచినను, ఊరకున్నచో 160 దరిదాపులకు వచ్చియుండెడిది. మేము వేసిన 4 యూనిట్లు మరి 160 తగ్గింపవలెను! యంత్రము చూపిన 260 అప్పటి మాటయే గాని, రానున్న గంట మాట కాదని మాకు తోచలేదు.

అర్ధరాత్రి "అత్తయ్యా" యను పిలుపునకు లేచి చూడగా బాలుడు చెమటతో తడిసి వణకుచుండెను, మాట తడబడుచున్నది. చక్కెర 48. ఏండ్ల తరబడి ఈ వ్యాధి యున్నవారికి గ్లూకగాన్ సహాయము కూడ సరిగా నందదట. తెలివి యున్నది గనుక మూడు చెంచాల చక్కెర, అనగా 15 గ్రాములు, నీళ్ళలో గలిపి త్రాగించితిమి. తెలివి తప్పినచో నోట నేమియు పోయరాదు. గ్లూకగాన్ సూదియో, వైద్యుడో కావలెను.

త్రాగించిన తరువాత పావుగంట వేచియుండుట మిక్కిలి కష్టమైనది. వణకు తగ్గలేదు, చేయి చక్కెరడబ్బా మీదికే పోవుచున్నది. అప్పుడే మరల పోసినచో ఇదియు పప్పులో ఉప్పువంటిదే యగును, ఈసారి పైవైపునకు. మా అమ్మాయి గడియారము పట్టుకొని "అమ్మా, ఇంకా నాలుగు నిమిషాలున్నాయి" అని ఆపినది. పావుగంటకు 62. మరల మూడు చెంచాలు. మరి పావుగంటకు 96. రెండవ సూదిమందు కొంత ఇంకను లోపల నున్నది గనుక, పాలును రెండు ఇడ్లీలును పెట్టి, 2 గంటలకు మరల పరీక్షించి పండుకొంటిమి. ఈ యంకెలు ఆ బాలునివి మాత్రమే. ఇంకొకరికి వైద్యుడు వేరుగా చెప్పును.

నాటినుండి మా వంటయింటి గోడకు నోటుపుస్తక మొకటి వ్రేలాడుచున్నది. అందు చక్కెర అంకెకన్న ముందు సూది వేసిన గంట వ్రాయుచున్నాము. యంత్రము 250 దాటినప్పుడెల్ల బాలుడు మొదట ఆ పుస్తకమే చూచి, "అత్తయ్యా, ఇంకా లోపలెంత మిగిలింది?" అని యడుగుచున్నాడు.