గోడ మీది చెరువు

తాతయ్య కథల్ని పుస్తకంగా వేద్దామని పోయిన వేసవిలో నేనే పూనుకున్నా. మూడొందల కాపీలు, సొంత ఖర్చు. ఒక కథలో వాళ్ల ఊరి చెరువు వస్తుంది. ఆ చెరువునే తాతయ్య స్నేహితుడొకాయన రంగుల్లో వేసి కానుకగా ఇచ్చారు. బొమ్మ మా హాల్లోనే ఉంది కదా అని ఫోన్‌తో ఫోటో తీసి, పేజీకి సరిపోయేలా పక్కలు కత్తిరించి, కథ పక్కన పెట్టేశా.

డీటీపీ చేసే అన్న ఫైలు చూసి, "దీనికి పర్మిషన్ ఉందా?" అన్నాడు.

తాతయ్యకి కోపమొచ్చింది. "వాడు నాకిచ్చిన బొమ్మకి మళ్లీ ఎవర్ని అడగాలిరా?"

ఇక్కడే నేనూ పొరబడ్డా. గోడ మీదున్న బొమ్మ మనదే, దాన్ని అచ్చు వేసే హక్కు మాత్రం గీసినాయనదే. డబ్బిచ్చి వేయించుకుని ఉంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, మన చట్టం ప్రకారం ఆ హక్కు తాతయ్యదే అయ్యేది. ఇది కానుక. ఆయన 2004లో పోయారు. మరుసటి ఏడాది మొదలు నుంచి అరవై ఏళ్లు లెక్కేస్తే 2064 చివరిదాకా హక్కు ఆయన వారసులది.

వాళ్లమ్మాయి నంబరు తాతయ్యే వెతికిచ్చాడు, మాట్లాడమంటే మాత్రం ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. నేను "ఎంతివ్వాలి అత్తయ్యా?" అని అడుగుదామనుకుంటే, ఆవిడే అడగడం మొదలుపెట్టింది. ఎన్ని కాపీలు? ఎంత సైజు? లోపలా, అట్ట మీదా? ఈ-బుక్ కూడా వేస్తావా? ఫీజు వీటన్నిటి మీదా ఆధారపడుతుందని నాకప్పుడే తెలిసింది. లోపల ఫుల్ పేజీకి నాలుగు వేలంది. నా దగ్గర అంత లేదు. బ్లాక్ అండ్ వైట్‌లో వేస్తే తగ్గిస్తారా అన్నా. "ఆ నీళ్ల రంగు కోసం నాన్న ఎన్ని రోజులు కూర్చున్నాడో నీకు తెలీదు బాబూ" అంది. చివరికి అర పేజీ, రంగుల్లోనే, పదిహేను వందలకి కుదిరింది. మొదటి ముద్రణకి మాత్రమే, రెండు కాపీలు వాళ్లకి.

పేజీ ఎలా ఉంటుందో చూపించమంటే పీడీఎఫ్ పంపా. ఐదు నిమిషాల్లో ఫోన్. "నాన్న సంతకం ఏది?"

నేను కత్తిరించిన మూలలో ఉంది.

ఏం చెప్పాలో తోచలేదు. బొమ్మని గోడ మీంచి దింపి, గాజు తీసి, స్టూడియోలో మళ్లీ ఫోటో తీయించా. అంచులతో సహా మొత్తం పెట్టి, కింద ఆయన పేరు, "కుటుంబ సభ్యుల అనుమతితో" అని వేశాం. షరతులన్నీ ఒక పేజీలో రాసుకున్నాం. వారసుల్లో వాళ్ల తమ్ముడూ ఉన్నాడు కాబట్టి ఆయన సంతకం కూడా వచ్చాకే ప్రెస్‌కి పంపాం.

పుస్తకం వచ్చాక తాతయ్య ముందు ఆ పేజీయే తీశాడు. ఆవిడ కాపీలు తనే పోస్ట్ చేస్తానన్నాడు.

ఈ వ్యాసం పక్కన ఆ బొమ్మ ఎందుకు లేదంటారా? మా కాగితంలో ఉన్నది అచ్చు పుస్తకమే, ఈ-మ్యాగజైన్ లేదు. అత్తయ్యకి మెయిల్ పెట్టా. తమ్ముణ్ణి అడిగి చెప్తానంది.